ముప్పై సెకన్లలో కందిపొడి

నా ముందున్న కాగితం మీద ఇలా రాసి ఉంది:

"ముంగిలి కందిపొడి. నాణ్యమైన కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, ఉప్పులతో తయారు చేయబడినది. కృత్రిమ రంగులు, నిల్వ పదార్థాలు కలపబడలేదు. వేడి అన్నం, ఇడ్లీ, దోసెలతో తినుటకు అనువైనది. 200 గ్రాముల ప్యాకెట్. తయారీ తేదీ నుండి 4 నెలలలోపు వాడవలెను. అన్ని కిరాణా దుకాణాలలో లభించును."

ముంగిలి అన్నది అసలు పేరు కాదు, ఈ వ్యాసం కోసం నేను పెట్టుకున్నది. గోదావరి జిల్లాలో నలుగురు ఆడవాళ్లను పనిలో పెట్టుకుని పొడులు చేయించే ఒకావిడ ఎఫ్ఎం రేడియోలో ప్రకటన వేయించాలనుకున్నారు. "ఇందులో అన్నీ ఉన్నాయండీ, మీరు కాస్త పాటగా మార్చిపెట్టండి చాలు" అన్నారు. పాటగా మార్చడమంటే మాటలకు తోకలు తగిలించడమని ఆవిడ ఉద్దేశం. అలా అనుకునేవాళ్లే ఎక్కువ.

ఒక తమాషా ఏమిటంటే, ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు చదివినా ముప్పై సెకన్లలోపే అయిపోతుంది. గడియారం పెట్టుకుని చదివాను, ఇరవై రెండు పట్టింది. కాబట్టి పొడుగు ఇక్కడ చిక్కు కాదు. చదవడం అయ్యాక పక్క గదిలో ఉన్న మా ఆవిడను "ఏం విన్నావు?" అని అడిగితే "ఏదో పొడి" అంది. ఏ పొడి, ఎవరి పొడి అన్నవి రెండూ జారిపోయాయి. జింగిల్ పని ఆ రెండింటినీ చెవిలో నిలబెట్టడమే. మిగతా సంగతులు ప్యాకెట్ వెనక అచ్చయ్యే ఉంటాయి.

అందుకని మొదటి పని కొట్టివేత. 200 గ్రాములు పోయింది. నాలుగు నెలలు పోయింది. "నాణ్యమైన" అన్నది అందరూ అనే మాటే కనుక అదీ పోయింది. ఫోన్ నంబరు కూడా పెట్టమన్నారు కానీ పది అంకెలు అర్థమయ్యేలా పలకడానికి దాదాపు అయిదు సెకన్లు పడుతుంది, ఆటోలో పోతూ వినేవాడు దాన్ని రాసుకోడు. మిగిలిన దానిలో ఒక్క సంగతి వెతకాలి. "ఈ పొడి మీ ఇంట్లో ఎప్పుడు తింటారండీ?" అని ఆవిడనే అడిగాను. "ఎప్పుడేమిటి, కూర లేని పూట" అన్నారు. ఆ మాట కాగితం మీద లేదు. ప్రకటన మొత్తం దాని మీదే నిలబడింది.

ఆవిడ మేనల్లుడు అప్పటికే ఒక పాట రాసి ఉంచాడు:

కందిపప్పు తెచ్చామండీ
కమ్మగ దోరగ వేపామండీ
కారం ఉప్పూ కలిపామండీ
ముంగిలి పొడినే కొనండీ

తప్పేముంది, ప్రాస కుదిరింది కదా అనిపిస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అందువల్ల ఏ నాలుగు వాక్యాలు రాసినా చివర "అండీ"యో "తాము"నో "లో"నో వచ్చి వాటంతట అవే కలిసిపోతాయి. ఊరికే వచ్చే ఈ అంత్యప్రాస కోసం చెవి ఎదురుచూడదు. పైగా ఈ పాటలో గట్టిగా వినిపించేది "అండీ" ఒక్కటే. అమ్మాల్సిన పేరు నాలుగో వరుస మొదట్లో ఇరుక్కుని ఉంది. ముంగిలి తీసేసి అక్కడ ఏ కొట్టు పేరు పెట్టినా పాట చెక్కుచెదరదు. నేను ఏ జింగిల్‌కైనా పెట్టే మొదటి పరీక్ష ఇదే: పోటీవాడి పేరు పెట్టి పాడి చూడటం. పాట హాయిగా సాగిపోయిందంటే అది మన పాట కాదు.

కాబట్టి పేరు దగ్గర మొదలుపెట్టాలి. ముంగిలి. దాన్ని మాత్రల్లో కొలుద్దాం. బడిలో గురువు, లఘువు చదువుకున్నవాళ్లకు ఇది తెలిసిందే. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్నా ఉన్న అక్షరానికి, ఒత్తక్షరం ముందున్న అక్షరానికి రెండు. ముం రెండు, గి ఒకటి, లి ఒకటి, మొత్తం నాలుగు. అంటే ఈ పేరు నాలుగు మాత్రల నడకలో, సంగీతం వాళ్ల మాటలో చతురస్ర గతిలో, సుఖంగా కూర్చుంటుంది.

ఇక్కడ ఒక ఆకర్షణ ఎదురైంది. ఆవిడ కాగితంలోని దినుసులను చదువుతూ బల్ల మీద వేలితో తాళం వేస్తున్నారు. "కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర... చూశారా, పాటలాగే ఉంది!" నిజమే. కంది మూడు, పప్పు మూడు. శనగ మూడు, పప్పు మూడు. ఎండు మూడు, మిర్చి మూడు. జీల మూడు, కర్ర మూడు. దినుసులన్నీ తిశ్ర గతిలో, ఉయ్యాల ఊగినట్టు మూడేసి మాత్రల్లో వరుసగా నిలబడ్డాయి. ఇలాంటిది ఏళ్లకొకసారి దొరుకుతుంది, వదులుకోబుద్ధి కాదు. కానీ ఆ ఉయ్యాలలో ముంగిలిని కూర్చోబెట్టి చూడండి. ముంగి అని మూడు మాత్రలకు ఆగాలి, లి ఒంటరిగా తర్వాతి గుంపులోకి పోతుంది. పేరు విరిగిపోతుంది. కందిపప్పు, జీలకర్ర పొడి అమ్మే ప్రతివాడి దగ్గరా ఉన్నాయి, ముంగిలి అన్న పేరు ఈవిడ దగ్గరే ఉంది. నడకను పేరు నిర్ణయించాలి. కనుక ఆ చక్కని వరుసను పక్కన పెట్టేశాను. ఆవిడకు మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు.

ఇంక ముప్పై సెకన్లను పంచుకోవాలి. నిమిషానికి 128 బీట్ల వేగం తీసుకుంటే ముప్పై సెకన్లకు సరిగ్గా 64 బీట్లు వస్తాయి. నాలుగేసి బీట్లు ఒక బార్ అనుకుంటే పదహారు బార్లు, ఎక్కడా తునక మిగలదు. ఒక బీటుకు రెండు మాత్రలు పెడితే ముంగిలి పలకడానికి ఒక సెకను కన్నా కొంచెం తక్కువ పడుతుంది. స్పష్టంగా వినిపించడానికి అది చాలు. ఇంకా వేగంగా పాడిస్తే హుషారు వస్తుంది గానీ మాట నలిగిపోతుంది.

పదహారు బార్లను ఇలా విడగొట్టాను. మొదటి రెండు బార్లు చప్పుడుకు. తర్వాతి ఎనిమిది బార్లు పాటకు, రెండు బార్లకు ఒకటి చొప్పున నాలుగు వరుసలు. ఆ తర్వాత నాలుగు బార్లు వెనక సంగీతం తగ్గించి మామూలు గొంతుతో చెప్పే మాటలకు, అంటే ఏడున్నర సెకన్లు. చివరి రెండు బార్లు పేరుకు. ఒక్కో వరుసకు పదహారు మాత్రలు దొరికాయి. నాలుగు మాత్రల ముక్కలు నాలుగు, అంతే. దానిలో ఒదగని మాట ఎంత గొప్పదైనా బయటే ఉండాలి.

చివరి వరుసను ముందు రాశాను. అది కుదిరితేనే మిగతావి దాని వైపు నడుస్తాయి.

ముంగిలి ముంగిలి కందిపొడీ

ముంగిలి నాలుగు, ముంగిలి నాలుగు, కందిపొ నాలుగు, డీ మీద నాలుగు. కందిపొడి మధ్యలో విరుగుతుంది కానీ విరిగిన చోట నష్టం లేదు. తాళం దెబ్బ సరిగ్గా "డీ" మీద పడుతుంది, దీర్ఘం కాబట్టి గొంతు అక్కడ నిలబడగలదు. తెలుగు మాటలు అచ్చుతో ముగియడం ఇలాంటి చోట కలిసొస్తుంది.

ఇప్పుడు ప్రాస. మన పద్యాల్లో ప్రాస అంటే వరుస చివరి పోలిక కాదు, వరుసలో రెండో అక్షరం పోలిక. హల్లు అదే ఉండాలి, దాని మీది అచ్చు ఏదైనా ఫరవాలేదు. ముంగిలిలో రెండో అక్షరం సున్నాతో కూడిన "గ". దీనికి జోడీలు ఏరాను: బంగారం, రంగు, చెంగు, పొంగు, బెంగ, ఇంగువ. చివరి మాట చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంగువ పొడిలో ఉన్న దినుసే. మాత్రలు కూడా నాలుగే, ముంగిలి పక్కన కవలపిల్లలా ఉంది. ఆరు దినుసుల్లో ఏది పాటలో ఉండాలో ఆవిడా నేనూ వాదించుకోనక్కర లేకుండా ప్రాసే తేల్చేసింది. ఇక కూర లేని పూట సంగతి చెప్పడానికి "బెంగ" సిద్ధంగా ఉంది.

బెంగెందుకులే కూరే లేదా
ఇంగువ ఘుమఘుమ ఇటు రాలేదా

మాత్రలు లెక్కపెట్టండి. బెంగెం, దుకులే, కూరే, లేదా. నాలుగూ నాలుగేసి. ఇంగువ, ఘుమఘుమ, ఇటు రా, లేదా. అవీ అంతే. ముందు ప్రాస పేరుకు బాట వేస్తోంది. చెవికి తెలియకుండానే బెంగ, ఇంగువ, ఆ తర్వాత ముంగిలి ఒకే తీగ మీద మోగుతాయి. ఇక్కడ పేరు మారిస్తే ఆ తీగ తెగిపోతుంది. నా మొదటి పరీక్ష పాసైనట్టు.

రెండో వరుస మొదట ఇలా లేదు. "ఇంగువ ఘుమఘుమ ఇల్లే నిండనీ" అని రాశాను. కాగితం మీద బాగుంది. మచ్చుకు పాడించినప్పుడు గాయకుడికి "నీ" పెట్టడానికి చోటు దొరకలేదు, ఎందుకంటే నిండనీ అయిదు మాత్రలు. మూడో వరుస అందుకోవాలి గనక ఆయన చివరను కురచ చేశాడు. "ఇల్లే నిండని" అయింది. అంటే ఇల్లు నిండలేదని! ఒక్క మాత్ర పోయి వాసన లేని ఇంగువ అమ్ముతున్నట్టు వచ్చింది. తెలుగులో అచ్చు పొడుగు అర్థాన్ని మారుస్తుంది. వడను సాగదీస్తే వాడ, కలను సాగదీస్తే కాల. బాణీకి మాట ఒదగనప్పుడు గాయకులు తెలియకుండా చేసే పని ఇదే, అందుకే మాత్ర లెక్క సంగీత దర్శకుడి మీద వదిలేయకూడదు.

తర్వాతి రెండు వరుసలు తిండి దగ్గరకు రావాలి, చివరి "పొడీ"కి దారి కూడా తీయాలి. డి తో ముగిసే మాటలు చూశాను: వేడి, తడి, సందడి, జోడి, ఒడి. "అమ్మ ఒడి" అని తెగ ఊరించింది కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతో ప్రభుత్వ పథకం నడిచింది. కందిపొడి ప్రకటన కాస్తా ప్రభుత్వ ప్రకటన అయిపోతుంది.

ముద్దముద్దకూ నేతికి జోడీ
పెద్దలు పిల్లలు ఒకటే సందడీ

ఇక్కడ ముందు ప్రాస "ద్ద"కు మారింది. నాలుగు వరుసలకూ ఒకటే ప్రాస లాగితే పద్యం చదివినట్టుంటుంది, పైగా ముంగిలి తిరిగి వచ్చినప్పుడు కొత్తదనం ఉండదు. "ముద్దముద్దకూ" మాత్రం నాలుగు, నాలుగుగా విరగదు. మూడు, మూడు, రెండు. మొత్తం ఎనిమిదే కాబట్టి బార్‌లో ఒదిగిపోతుంది కానీ లోపల దెబ్బ పక్కకు జరిగి చిన్న గెంతు వస్తుంది. రెండు వరుసలు బుద్ధిగా నడిచాక ఆ గెంతు బాగుంటుందని ఉంచేశాను. సందడీ ఒక మాత్ర ఎక్కువే. దాని తర్వాత పాట లేదు, మాటలే ఉన్నాయి గనక ఆ ఒక్కటీ పొంగినా ఇబ్బంది లేదు. నిండనీకి లేని అదృష్టం సందడీకి ఉంది.

బాణీ కట్టినతను మొదటి మచ్చులో "ముద్ద" మొదటి అక్షరం మీద స్వరాన్ని నిలిపాడు. వింటే "మూద" అని వినిపించింది. ముద్దలో ముకు రెండు మాత్రలు ఉన్న మాట నిజమే గానీ రెండో మాత్ర గొంతుది కాదు, నాలుక పళ్లకు ఆనించి ఊపిరి ఆపే మాత్ర. దాన్ని సాగదీయలేం. లేదా, జోడీ, పొడీ లాంటి దీర్ఘాల మీదే స్వరం నిలవాలి. ముద్ద, పప్పు, నెయ్యి లాంటి ఒత్తుల మీద కత్తిరించినట్టు పొట్టి స్వరం పెట్టాలి. తెలుగులో తిండి మాటలు చాలావరకు ఒత్తులతోనే ఉంటాయి కాబట్టి వంటింటి జింగిళ్లు కొంచెం గెంతుతూ ఉండటం సహజం. హిందీలో చేసిన బాణీ మీద తెలుగు మాటలు అతికించినప్పుడు ఎబ్బెట్టుగా వినిపించేది చాలాసార్లు ఈ తేడానే.

ఇంకొక ఇబ్బంది ఊపిరి. పదహారు మాత్రలూ నిండిపోతే గాయని ఎక్కడ గాలి పీల్చుకోవాలి? వరుసలను రెండు గొంతులకు పంచాను. మొదటిది అమ్మమ్మ గొంతు, రెండోది మనవరాలిది, మూడోది మళ్లీ అమ్మమ్మ, నాలుగోది అందరూ. ఒకరు పాడుతుంటే ఇంకొకరు ఊపిరి తీసుకుంటారు. అందులోంచి ఒక చిన్న కథ కూడా తనంతట పుట్టింది. కూర లేదా అని అమ్మమ్మ అడిగితే వాసన రాలేదా అని మనవరాలు ఎదురు ప్రశ్న వేస్తుంది.

మధ్యలోని ఏడున్నర సెకన్ల మాటలు ఇవి: "ముంగిలి కందిపొడి. అన్నంలోకి, ఇడ్లీలోకి, దోసెలోకి. రంగు కలపలేదు, నిల్వమందు కలపలేదు. మీ వీధి కిరాణా కొట్లో అడగండి." పద్నాలుగు మాటలు. సెకనుకు రెండు మాటలకు మించితే వేలంపాటలా ఉంటుంది. అర్థం కచ్చితంగా తెలియాల్సినవి పాటలో పెట్టకుండా ఇక్కడ పెడతాను. "కలపబడలేదు" ఇక్కడ "కలపలేదు" అయింది. తెలుగువాళ్లు నోటితో ఎవరూ "కలపబడలేదు" అనరు.

రంగు కలపలేదన్న మాట మాత్రం ఆవిడ చెప్పారని రాయలేదు, పరీక్ష కాగితం చూసి రాశాను. ఆహార ప్రకటనల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో నిబంధనలు తెచ్చింది. సహజం, తాజా, స్వచ్ఛం, సంప్రదాయం లాంటి మాటలు వాడాలంటే వాటికి షరతులున్నాయి. ప్రాస కుదిరిందని "స్వచ్ఛం" అనేస్తే సరిపోదు. మాటలకే కాదు, చప్పుళ్లకూ ఈ జాగ్రత్త కావాలని నేను అనుకుంటాను. మొదటి రెండు బార్లలో రోకటి దంపుడు పెడదామని స్టూడియోలో అందరూ అన్నారు. తాళానికి భలేగా ఉంటుంది కూడా. కానీ ఆవిడ దగ్గర పొడి కొట్టేది కరెంటు గ్రైండర్. రోకలి వినిపిస్తే దంచిన పొడి అని చెప్పినట్టే కదా. గరిటె అన్నం గిన్నెకు తగిలే చప్పుడు నాలుగు సార్లు పెట్టి, దాని మీద మనవరాలి చేత "అమ్మమ్మా, ఆకలి!" అనిపించాం.

బాణీకి, మాటకు మధ్య ఈ లాగులాట కొత్తేమీ కాదు. వివిధభారతిలో ప్రకటనలు 1967 నవంబరులో మొదలయ్యాయి. ఎ.ఆర్. రెహమాన్ సినిమాల్లోకి రాకముందు చేసిన తొలి జింగిళ్లలో 1987 నాటి ఆల్విన్ గడియారాలవి ఉన్నాయి. ఆల్విన్ మన హైదరాబాద్ కంపెనీయే. ముప్పై సెకన్లు చేసినవాడికి సినిమా పాట నాలుగు నిమిషాలు విశాలమైన మైదానంలా కనిపించి ఉంటుంది.

రికార్డింగ్ అయ్యాక ఫోన్ స్పీకరులో ఒకసారి, నడుస్తున్న ఆటోలో ఒకసారి విన్నాను. స్టూడియో స్పీకర్లలో అన్నీ బాగానే వినిపిస్తాయి, అవి నమ్మదగినవి కావు. ఆటోలో "ఇటు రాలేదా" కొంచెం మసకబారింది, వెనకున్న తబలాను ఆ చోట తగ్గించాం. చివరి "డీ" మీద గొంతును నాలుగు మాత్రలూ ఉంచకుండా రెండింటికే ఆపేశాం. మిగిలిన అర సెకనులో మోత అణగాలి. లేకపోతే తర్వాత వచ్చే ప్రకటన మన తోకను కొరుక్కుపోతుంది. రెండు గంటల తర్వాత మా పక్కింటి పాపను అడిగితే "ముంగిలి ముంగిలి" దాకా పాడి, ఆ తర్వాత "ఏదో పొడీ" అంది. ఒక్కసారి విన్న దానికి అది చాలు.

స్టేషన్‌వాళ్లు ప్రకటన సమయాన్ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు. డబ్బు సరిపోదని తెలిశాక ఆవిడ ఇరవై సెకన్లదీ పది సెకన్లదీ కూడా అడిగారు. ఇరవైలో మన వేగంతో పది బార్లు పడతాయి, కాస్త తోక మిగులుతుంది. చప్పుడు తీసేశాను, ముద్దముద్దకూ నుంచి సందడీ దాకా తీసేశాను. పది సెకన్లకు అయిదు బార్లే. అందులో మనవరాలు ఒక్కతే మిగిలింది: "ఇంగువ ఘుమఘుమ ఇటు రాలేదా", తర్వాత ఒక బారు నిడివిలో "మీ కిరాణా కొట్లో అడగండి", ఆ వెంటనే "ముంగిలి ముంగిలి కందిపొడీ". ఇంగువకూ ముంగిలికీ మధ్య తీగ అక్కడ కూడా తెగలేదు.

అది విని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "జీలకర్ర ఎక్కడా పెట్టడానికి వీల్లేదంటారా?"